రెరాలో 30 రోజులు దాటాయి, నంబర్ రాలేదు: డీమ్డ్ రిజిస్ట్రేషన్‌తో బుకింగ్‌లు తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకి రెరాలో అప్లై చేసి 40 రోజులైంది. మధ్యలో ఒక డాక్యుమెంట్ తక్కువైందన్నారు, అదీ ఇచ్చేశాం. ఇంకా నంబర్ రాలేదు. 30 రోజుల్లో తేల్చకపోతే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే అని మా ఆడిటర్ అంటున్నారు. ఇక ప్రకటన వేసి బుకింగ్‌లు మొదలుపెట్టచ్చా?

జవాబు:

మీ ఆడిటర్ చెప్పింది చట్టంలో ఉన్న మాటే. కానీ నంబర్ చేతికి వచ్చేదాకా ప్రకటన వెయ్యకండి, ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా తీసుకోకండి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం వచ్చేలా కనిపిస్తాయి కానీ, రావు.

రెరా చట్టం 2016లో సెక్షన్ 5(1) ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో అథారిటీ రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణాలు రాసి తిరస్కరించాలి. తిరస్కరించేముందు మీ మాట వినాలి. ఈ రెండిట్లో ఏదీ చెయ్యకపోతే సెక్షన్ 5(2) ప్రకారం ప్రాజెక్టు రిజిస్టర్ అయినట్టే భావించాలి. ఆ తర్వాత ఏడు రోజుల్లో అథారిటీ మీకు రిజిస్ట్రేషన్ నంబరు, లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వాలి.

గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అనే నమ్మకం చాలామందిలో ఉంది. ప్రతి చట్టానికీ అది వర్తించదు. చూడాల్సింది గడువు ఉందా లేదా అని కాదు, గడువు దాటితే ఏమవుతుందో ఆ సెక్షనే చెప్పిందా అని. ఢిల్లీ మునిసిపల్ చట్టం కింద లేఅవుట్ విషయంలో చేత్ రామ్ వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే ఈ సంగతి చెప్పింది: చట్టంలో ఆ మాట లేకపోతే, ఆలస్యం దానంతటదే మంజూరుగా మారిపోదు. ట్రస్టుల ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్‌కి సెక్షన్ 12ఏఏలో ఆరు నెలల గడువు ఉండేది, ఫలితం మాత్రం రాసి లేదు. హర్షిత్ ఫౌండేషన్ కేసులో 2022లో అక్కడా డీమ్డ్ రిజిస్ట్రేషన్ లేదనే తేలింది. సమాచార హక్కు చట్టంలో సంగతి ఇంకా తిరగబడి ఉంటుంది: 30 రోజులు దాటితే సెక్షన్ 7(2) ప్రకారం నిరాకరించినట్టు లెక్క. రెరాలో ఆ మాట స్పష్టంగా, మీకు అనుకూలంగా ఉంది కాబట్టి మీ మొదటి మెట్టు గట్టిదే.

రెండో మెట్టు దగ్గరే జారతారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 24 ఫ్లాట్ల ప్రాజెక్టు, అంచనా వ్యయం 12 కోట్లు, పోర్టల్లో దరఖాస్తు, ఫీజు రెండూ 2024 జూన్ 3న చేరాయనుకోండి. చేరిన రోజుని వదిలేసి లెక్కపెడితే ముప్పయ్యో రోజు జూలై 3. ఆ రోజు ముగిసేసరికి ఉత్తర్వు లేకపోతే జూలై 4 నుంచి డీమ్డ్ రిజిస్ట్రేషన్. నంబర్ ఇవ్వాల్సిన ఆఖరి రోజు జూలై 10.

ఇప్పుడు మీలాగే జూన్ 15న ఒక షార్ట్‌ఫాల్ వచ్చింది, జూన్ 20న జవాబిచ్చారు. గడియారం మళ్ళీ మొదలైందా? సెక్షన్ 5లో గడువు ఆగుతుందని గానీ, మళ్ళీ మొదలవుతుందని గానీ లేదు. అథారిటీ వాదన వేరు: సెక్షన్ 4 అడిగినవన్నీ జతచేసినప్పుడే అది దరఖాస్తు అవుతుంది, అప్పటిదాకా 30 రోజులు మొదలే కావు అంటారు. ఇందులో బలం ఎంతుందో వాళ్ళు అడిగిన కాగితాన్ని బట్టి ఉంటుంది. సెక్షన్ 4(2) పేరుపెట్టి అడిగినవి ఉన్నాయి: మంజూరైన ప్లాను, నిర్మాణం మొదలుపెట్టడానికి అనుమతి, ఒప్పందం నమూనా, ఫ్లాట్ల సంఖ్య, కార్పెట్ ఏరియా, 70 శాతం సొమ్ము ప్రత్యేక ఖాతాలో పెడతామని అఫిడవిట్‌తో డిక్లరేషన్ లాంటివి. వీటిలో ఒకటి నిజంగానే లేకపోతే వాళ్ళ వాదన గట్టిది. అప్పుడు జూన్ 20 నుంచి లెక్కపెట్టి జూలై 20 దాకా ఆగడం క్షేమం. సెక్షన్ 4లోనూ, మీ రాష్ట్ర నియమాల్లోనూ ఎక్కడా లేని కాగితం అడిగి ఉంటే, లేదా ముందే అప్‌లోడ్ చేసిందాన్నే మళ్ళీ అడిగి ఉంటే, జూన్ 3 లెక్కే నిలబెట్టుకోవచ్చు.

ఆ షార్ట్‌ఫాల్ ఎవరు పంపారో కూడా చూడండి. పారిశ్రామిక వివాదాల చట్టంలో ఫ్యాక్టరీ మూసివేత అనుమతికి సెక్షన్ 25-ఓ కింద 60 రోజుల గడువు ఉండేది, అదీ డీమ్డ్ గడువే. హరినగర్ షుగర్ మిల్స్ కేసులో దరఖాస్తు మళ్ళీ పెట్టమని ఒక డిప్యూటీ సెక్రటరీ లేఖలు రాశారు. అధికారం లేని మనిషి రాసిన లేఖలతో గడువు ఆగదని, 60 రోజులు దాటగానే అనుమతి వచ్చినట్టేనని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం వేరు కాబట్టి యథాతథంగా అతికించలేం. అయినా మీ లాయర్‌కి ఇది పనికొచ్చే తీర్పు.

సరే, డీమ్డ్ రిజిస్ట్రేషన్ వచ్చిందనుకుందాం. అది చట్టం చేసిన ఒక ఊహ. ఆ ఊహ పూరించే ఖాళీ ఒక్కటే: అథారిటీ తీసుకోవాల్సిన నిర్ణయం. మీ టైటిల్లో లోపం ఉంటే అది పోదు. ప్లాను మంజూరు కాకపోతే మంజూరైనట్టు అవ్వదు. మునిసిపాలిటీ చేతిలో ఉన్న అనుమతికీ దీనికీ సంబంధమే లేదు. ప్లాను పెండింగ్‌లో ఉండగానే రెరాలో ఫైల్ వేసి, 31వ రోజున అంతా అయిపోయిందనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి అసలు గడువే మొదలు కాలేదు.

ఇక ప్రకటన ఎందుకు వద్దన్నానంటే: సెక్షన్ 3 అడిగేది రిజిస్ట్రేషన్, అది మీకు ఉందని వాదించవచ్చు. కానీ సెక్షన్ 11(2) ప్రకారం ప్రతి ప్రకటనలోనూ అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, వెబ్‌సైట్ చిరునామా కనిపించేలా ఉండాలి. లేని నంబర్ ఎలా వేస్తారు? సెక్షన్ 11(1) కింద ప్రాజెక్టు పేజీలో వివరాలు పెట్టి మూడు నెలలకోసారి అప్‌డేట్ చెయ్యాలి, దానికి లాగిన్ కావాలి. అంటే హక్కు మీ దగ్గరుంది, దాన్ని వాడే తాళంచెవి వాళ్ళ దగ్గరుంది. మీ రోజుల లెక్క తప్పని తర్వాత తేలితే సెక్షన్ 59 కింద జరిమానా అంచనా వ్యయంలో 10 శాతం దాకా. మన ఉదాహరణలో అది 1 కోటి 20 లక్షలు. నెల రోజుల బుకింగ్‌ల కోసం తీసుకోవాల్సిన రిస్కు కాదిది.

అందుకని చెయ్యాల్సింది బుకింగ్ కాదు, నంబర్ రాబట్టడం. జూలై 4న పోర్టల్లో స్టేటస్ కనిపించే పేజీని తేదీతో సహా సేవ్ చేసుకోండి. దరఖాస్తు రసీదు, ఫీజు రసీదు, షార్ట్‌ఫాల్, దానికి మీ జవాబు, అప్‌లోడ్ అయినట్టు వచ్చిన మెసేజ్ ఒకచోట పెట్టండి. అదే రోజు అథారిటీకి ఒక లేఖ రాసి ఈమెయిల్లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. లేఖ చిన్నదిగా ఉండాలి: దరఖాస్తు సంఖ్య, అందిన తేదీ, 30 రోజులు ముగిసిన తేదీ, ఉత్తర్వు ఏదీ రాలేదన్న ముక్క, సెక్షన్ 5(2) ప్రకారం జూలై 10లోగా నంబరు, లాగిన్, పాస్‌వర్డ్ ఇమ్మని కోరడం. "దయచేసి మా దరఖాస్తును త్వరగా పరిశీలించండి" అని మాత్రం రాయొద్దు. ఆ ఒక్క వాక్యంతో దరఖాస్తు ఇంకా పెండింగ్‌లోనే ఉందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. అలవాటుగా అందరూ రాసే వాక్యం అదే.

జూలై 10 దాటినా రాకపోతే హైకోర్టులో రిట్. అప్పీల్ వెయ్యడానికి ఉత్తర్వంటూ లేదు కాబట్టి ట్రిబ్యునల్ కన్నా ఆర్టికల్ 226 దారే సూటిగా ఉంటుంది. రిట్‌లో ఏం అడుగుతున్నారన్నదే ముఖ్యం. దరఖాస్తు మీద నిర్ణయం తీసుకోమని అడిగితే "నాలుగు వారాల్లో తేల్చండి" అని ఉత్తర్వు వస్తుంది. అప్పుడు డీమ్డ్ హక్కుని మీరే చేజేతులా వదులుకున్నట్టు. గడువు ముగిసిందని ప్రకటించి, సెక్షన్ 5(2) ప్రకారం నంబరూ లాగినూ ఇవ్వమని ఆదేశించమనే అడగాలి.

జూలై 8న తిరస్కరణ వస్తే? డీమ్డ్ రిజిస్ట్రేషన్ అయ్యాక సెక్షన్ 5 కింద తిరస్కరించడానికి దరఖాస్తు మిగలదు. లోపాలుంటే సెక్షన్ 7 కింద రద్దు చెయ్యాలి. దానికి కారణాలతో కనీసం 30 రోజుల నోటీసు, మీ జవాబు వినడం తప్పనిసరి. అలాగని ఆ తిరస్కరణ చెల్లదు కదా అని పక్కన పడెయ్యకండి. కాపీ అందిన 60 రోజుల్లో సెక్షన్ 44 కింద అప్పీల్ వెయ్యండి, ఎందుకంటే ఎవరూ కొట్టివెయ్యని ఉత్తర్వు పోర్టల్లో ఉన్నంతకాలం బ్యాంకూ కొనేవాళ్ళూ దాన్నే చూస్తారు. ఉత్తర్వు మీద జూలై 2 తేదీ ఉండి మీకు 8న చేరితే, అప్‌లోడ్ అయిన తేదీ, డిస్పాచ్ తేదీ అడిగి తీసుకోండి. చేరవెయ్యకుండా ఫైల్లో ఉండిపోయిన ఉత్తర్వుకి బలం లేదని బచిత్తర్ సింగ్ కేసు నుంచీ ఉన్న సూత్రం. పైగా తిరస్కరించేముందు మిమ్మల్ని విచారణకి పిలవాలి కాబట్టి, ఆ నోటీసు ఎప్పుడిచ్చారన్నది అడిగితే తేదీల సంగతి చాలావరకు బయటపడుతుంది.

మీ 40 రోజుల లెక్కకి వస్తే: షార్ట్‌ఫాల్‌కి జవాబిచ్చిన తేదీ నుంచి 30 రోజులు ఇంకా కాకపోతే, అడిగిన కాగితం సెక్షన్ 4(2)లో గానీ మీ రాష్ట్ర నియమాల్లో గానీ ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే ఆ 30 రోజులూ ముగిసేదాకా ఆగి అప్పుడు లేఖ పంపండి. లేకపోతే ఈ రోజే పంపండి.