‘హాటెంటాట్ వీనస్’ని రతీదేవి అనవచ్చా?

సందేహం: ఒక చరిత్ర వ్యాసం అనువదిస్తున్నాను. ‘హాటెంటాట్ వీనస్’ని ‘హాటెంటాట్ రతీదేవి’ అని రాయవచ్చా? ‘హ్యూమన్ జూ’కి ‘మానవ జంతుప్రదర్శనశాల’ సరిపోతుందా?

సమాధానం: వీనస్ రోమన్ల ప్రేమదేవతే అయినా రతీదేవి వద్దండీ. ఆ మాట వింటే మనకు అందగత్తె తోస్తుంది. 1810లో లండన్‌లోని పికడిలీలో రెండు షిల్లింగుల టికెట్టు పెట్టి సారా బార్ట్‌మన్ అనే దక్షిణాఫ్రికా స్త్రీని చూపించినవాళ్ళు ఆ పేరులో పెట్టింది వెటకారం. జనం వచ్చింది ఆమె పిరుదుల్ని వింతగా చూడటానికి. ‘హాటెంటాట్ వీనస్ పేరుతో ప్రదర్శించిన సారా బార్ట్‌మన్’ అని రాయండి. ‘పేరుతో’ అన్న ఒక్క మాట చాలు, అది బోర్డు మీది పేరే తప్ప ఆమె పేరు కాదని తెలియడానికి.

‘హాటెంటాట్’ కూడా తిట్టే. దక్షిణాఫ్రికాలోని సారా జాతివాళ్ళకు డచ్చివాళ్ళు పెట్టిన పేరది. ఆ ప్రజలు తమను ఖోయ్‌ఖోయ్ అని చెప్పుకుంటారు, మీ సొంత వాక్యాల్లో అదే వాడండి. ఆమెను పిలిచిన ‘సార్చీ’ అనే రూపం డచ్చిలో చిన్నపిల్లల్ని పిలిచినట్టుండే పిలుపు. ముద్దుకూ వాడతారు, పనివాళ్ళను తక్కువ చేయడానికీ వాడతారు. మన ‘సూరిగాడు’ లాంటిదే అనుకోండి.

ఈ మాటల సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, బోర్డు మీది పేరే తర్వాత శాస్త్రంలోకి ఎక్కింది. 1815లో పారిస్‌లో కువియే అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త ఆమెను పరిశీలించాడు. ఆ ఏడాది చివర ఆమె చనిపోతే శరీరాన్ని కోసి, అస్థిపంజరాన్నీ మెదడునూ దాచాడు. ఆమెకు జ్ఞాపకశక్తి బాగుందనీ, డచ్చి బాగానే మాట్లాడేదనీ, కొంత ఇంగ్లీషు వచ్చనీ, ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టిందనీ తనే రాశాడు. అదే వ్యాసంలో ఆమె కదలికలు కోతిని గుర్తుకు తెచ్చాయనీ రాశాడు! మూడు భాషల మనిషి కళ్ళెదుట ఉన్నా ముందే అనుకున్న ‘జాతి’నే చూశాడన్నమాట. ఆ అస్థిపంజరం పారిస్ మ్యూజియంలో 1970ల దాకా సందర్శకుల ముందే ఉంది. అక్కడికి వచ్చినవాళ్ళకు అది సారాది కాదు, ఒక జాతి నమూనా. 2002లో గానీ ఆమె అవశేషాలు స్వదేశం చేరలేదు.

ఇక ‘మానవ జంతుప్రదర్శనశాల’. ఈ సమాసం చదివితే మనుషులు నడిపే జూ అనైనా, మనుషులూ జంతువులూ ఉన్న చోటు అనైనా అనిపిస్తుంది. పైగా పికడిలీలోది జూ కాదు, హాలులో పెట్టిన షో. దానికి ‘మనుషుల ప్రదర్శన’ చాలు. 1870ల్లో జర్మనీలో జంతువుల వ్యాపారి హాగెన్‌బెక్ మొదలుపెట్టిన మనుషుల ప్రదర్శనలను అక్కడివాళ్ళు ఫోల్కర్‌షౌ అన్నారు. దాన్ని ‘జాతుల ప్రదర్శన’ అనవచ్చు. 1877 నుంచి పారిస్‌లో నిజంగానే జంతువుల తోటలో ఆఫ్రికాలోని నైలు నది ప్రాంతపు నూబియన్లను చూపించారు. అలాంటి చోట ‘జూలో మనుషుల ప్రదర్శన’ అని విడదీసి రాయండి. మాట పొడుగైనా అర్థం తిన్నగా ఉంటుంది.