మూలా నక్షత్రాన్ని అనువదించాలా?

"మా విజయవాడ అపార్ట్‌మెంట్ గ్రూపులో దసరా మెసేజ్ తెలుగులో, ఇంగ్లిష్‌లో పెట్టాలి. వేటిని అనువదించాలి, వేటిని వదిలేయాలి?"

చదివినవాళ్లు ఆ మాటను బయట ఎక్కడ వింటారో చూడండి. ఆటో డ్రైవరైనా, క్యూలో నిలబడ్డవాళ్లైనా "మూలా నక్షత్రం" అనే అంటారు. మీరు ‘రూట్ స్టార్ డే’ అని రాస్తే తెలుగు రాని అద్దెదారు ఎవరిని అడిగినా అర్థం కాదు. అందుకే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే ఉంచి, పక్కన పనికొచ్చే ముక్క చేర్చండి: ఆ రోజు ఇంద్రకీలాద్రిపై అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం, రద్దీ విపరీతం. తేదీ మాత్రం మర్చిపోవద్దు, అది ఏటా మారుతుంది.

వంటకాలకూ అంతే. నిరుడు నేను చక్రపొంగలిని ‘స్వీట్ రైస్’ అని రాసి ఊరుకున్నాను. జీడిపప్పు పడని పిల్లాడి తల్లి ఫోన్ చేసి అడిగేదాకా నాకు తట్టలేదు! ఇప్పుడు పేరు అలాగే ఉంచి "బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు" అని ఇంగ్లిష్‌లో రాస్తున్నాను.

ఆఫీసు మాటల్లో ఆస్తి పన్నుకు రెండు భాషల్లోనూ వాడుకలో పేరుంది, ఎక్కడిది అక్కడ రాయండి. ఆధార్, ఓటీపీ లాంటివాటిని తెలుగు చేయబోతే ఫోన్ తెరమీద కనిపించేది ఇదేనా అని జనానికి టెన్షన్.