బెజ్జం చూసినాకనే బేరం

బిడ్డా,

శివరాత్రికి వేములవాడల పూసల మాలల దుకాణం పెడ్తున్నవని మీ అమ్మ చెప్పింది. సంతోషమైంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలె. సరుకు నాకు చూపియ్యకుంట కొనకు.

రుద్రాక్ష ఒక పండు గింజ. ముఖాల గీతలు పై కొన నుంచి కింది కొన దాక తెగకుంట పోవాలె, నడుమ ఆగితే చెక్కిన గీతనే. పూసలన్నీ ఒక్క అచ్చుల పోసినట్టుంటే ప్లాస్టిక్ అనుకో.

తులసి పూస సన్నటి కొమ్మను కోసి చేస్తరు. కొమ్మ నడుమ మెత్తటి బెండు ఉంటది, బెజ్జం దాని వెంటనే పోతది. కొనల దిక్కు చూస్తే బెజ్జం చుట్టూ గుండ్రని వలయాలు కనవడ్తయ్. పూస తేలిక, పూస పూసకు కొంచెం తేడా ఉంటది.

చందనం కాడనే నేను దెబ్బ తిన్న. ముప్పయి ఏండ్ల కింద భద్రకాళి గుడి తొవ్వల నాకు చిన్న బండి ఉండె. ఊరూరు తిరిగే ఒక వ్యాపారి నలభై చందనం మాలలు తెచ్చిండు. మూట విప్పంగనే వాసన గుప్పుమన్నది. ఇంకేం చూడలె, కొన్న. ఒక అవ్వ జపానికని ఒకటి తీస్కపోయింది. నెల తర్వాత మల్లొచ్చి కొంగు చూపించింది, తెల్ల చీరకు గోధుమ రంగు మరకలు. "వాసన పోయింది కొడుకా. ఇన్ని దినాలు దీనితోనే జపం చేసిన, అది చెల్లుతదా?" అని అడిగింది. పైసలు వాపసు ఇచ్చిన గని, ఆ మాటకు నా నోట జవాబు రాలె.

ఇంటికొచ్చి ఒక పూసను బ్లేడుతోని రెండు చేసిన. పైన గోధుమ రంగు, లోపల సున్నం లెక్క తెలుపు. బెజ్జం లోపల గూడ తెల్లగనే ఉండె. అద్దకం పైపైనే, అత్తరు గూడ పైపైనే. బెజ్జంలకు ఒక్కసారి తొంగి చూసి ఉంటే మూట కొనకనే పోదును.

నువ్వు ఒక మాల తెగ్గొట్టైనా సరే, పూసను సాన మీద నాలుగు చుక్కల నీళ్ళతోని అరగదీయి. పైపొర పోయేదాక అరగదీసి, అప్పుడు వాసన చూడు. అసలు చేవ చందనమైతే అరిగినకొద్దీ వాసన వస్తది, అత్తరు అద్దిందైతే పైపొరతోనే పోతది. ఒక్క మాట బిడ్డా: చందనం చెట్టుదే పై తెల్ల కట్టె గూడ వాసన రాదు. తెల్లగుంటే వేరే చెట్టని తొందరపడి అనకు, గని చేవ ధర మాత్రం పెట్టకు.

ఎండల నిలవడి గొంతు చించుకోకు, మంచినీళ్ళు దగ్గర పెట్టుకో. మన ఇంటి సాన బస్సుల పంపుతున్న. అంచు పగిలింది, వేలికి తగలకుంట చూస్కో.

మీ మామ