సీవీవీ, బిల్లింగ్ చిరునామా: ఏది దేన్ని సరిచూస్తుంది?

ప్రశ్న: తార్నాకలోని మా ఇంటి చిరునామా, సీవీవీ సరిగ్గానే ఇచ్చినా అమెరికా సైటు చిరునామా సరిపోలలేదని ఆర్డరు రద్దు చేసింది, డబ్బు మాత్రం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఈ రెండూ అసలు ఏం సరిచూస్తాయి?

కార్డు నంబరు, గడువు తేదీలను బ్యాంకు తన రహస్య తాళంచెవితో లెక్కగట్టి సీవీవీ తయారుచేస్తుంది. మీరు టైపు చేసినప్పుడు అదే లెక్క మళ్ళీ వేసి పోల్చుతుంది. ఇది అయస్కాంత పట్టీలో ఉండదు, దుకాణదారు చెల్లింపు అనుమతి వచ్చాక దాచుకోకూడదు. కాబట్టి కార్డు మీద అచ్చైన అంకెలు టైపు చేసినవారికి తెలుసన్నదే దీని రుజువు. ఆ వ్యక్తి మీరేనని కాదు.

చిరునామా తనిఖీ ఇంకా ఇరుకైనది. అది ప్రధానంగా ఇంటి నంబరులోని అంకెలను, పోస్టల్ కోడ్‌ను బ్యాంకు రికార్డుతో పోల్చుతుంది. వీధి పేరు సాధారణంగా లెక్కలోకి రాదు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో వాడుకలో ఉన్న ఈ పద్ధతికి మన బ్యాంకులు చాలావరకు స్పందించవు. అందువల్ల 500017 సరిగ్గా ఇచ్చినా ‘సమాచారం లేదు’ అన్న జవాబు వెళ్ళవచ్చు. బ్యాంకు సొమ్ముకు అనుమతి ఇచ్చినా, ఆ జవాబు చూసి ఆర్డరు తిరస్కరించేది దుకాణమే. మీకు మెసేజ్ వచ్చింది బహుశా ఆ అనుమతికే. అలాగైతే దుకాణం దాన్ని రద్దు చేశాక, లేదా గడువు తీరాక, ఆపి ఉంచిన సొమ్ము విడుదలవుతుంది.