వడ్డీ తగ్గినా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు?

*2022 జనవరిలో 6.75 శాతం ఫ్లోటింగ్ వడ్డీకి, 20 ఏళ్ల కాలానికి రూ.30 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాం. ఈఎంఐ రూ.22,811. 2023 ఏప్రిల్‌లో బ్యాంకువాళ్లు దాన్ని రూ.25,000 చేశారు. నిరుడంతా వడ్డీ రేట్లు తగ్గుతున్నాయని వార్తల్లో చెప్పినా మా ఈఎంఐ ఒక్క రూపాయి తగ్గలేదు. అడిగితే మీ రేటు ఇప్పుడు 8 శాతమే అంటున్నారు. ఈ టెన్షన్ మనకొద్దు, 9.5 శాతం ఫిక్స్‌డ్‌కు మారిపోదాం అంటున్నారు మావారు. మారమంటారా? – ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం*

మారొద్దండీ. ఈఎంఐ తగ్గించమని కూడా అడగొద్దు. మీకు రావాల్సిన తగ్గింపు వచ్చింది. కాకపోతే ఈఎంఐలో కాదు, లోన్ తీరే తేదీలో వచ్చింది.

మీ రేటు ఎలా మారిందో ముందు చూద్దాం. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లన్నీ బయటి ప్రామాణిక రేటుకు, ఎక్కువగా రిజర్వ్ బ్యాంకు రెపో రేటుకు, ముడిపడి ఉంటున్నాయి. దాని మీద బ్యాంకు కొంత మార్జిన్ వేసుకుంటుంది. దాన్నే స్ప్రెడ్ అంటారు. మీరు లోన్ తీసుకున్నప్పుడు రెపో 4 శాతం, మీ రేటు 6.75. అంటే స్ప్రెడ్ 2.75. రెపో మారితే కనీసం మూడు నెలలకోసారి మీ రేటును బ్యాంకు సవరించాలి. 2022 మేలో మొదలైన పెంపు 2023 ఫిబ్రవరి నాటికి రెపోను 6.50కి చేర్చింది. మీ రేటు 9.25కి వెళ్లింది. 2025లో నాలుగు విడతలుగా తగ్గి రెపో 5.25కి దిగింది. అందుకే ఇప్పుడు మీకు 8 శాతం పడుతోంది.

రేటు మారినప్పుడు బ్యాంకులు సాధారణంగా ఈఎంఐని కదపవు, నెలల సంఖ్యను మారుస్తాయి. కస్టమర్‌కు వెంటనే భారం కనిపించదు కాబట్టి ఎవరూ గొడవ చేయరు. మీ విషయంలో 2022 అంతా జరిగింది అదే. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో రేటు సవరిస్తారనుకుని మీ లోన్‌ను నెలనెలా లెక్క వేసి చూశాను. మీ రీసెట్ తేదీలు వేరైతే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ విషయం మారదు.

2023 ఏప్రిల్‌కు మీ బాకీ దాదాపు రూ.29.45 లక్షలు. 9.25 శాతం చొప్పున దానిమీద ఆ నెల వడ్డీయే రూ.22,703. మీ ఈఎంఐ రూ.22,811. అంటే అసలులోకి జమ అయ్యేది రూ.108 మాత్రమే! అదే ఈఎంఐతో కడుతూ పోతే లోన్ తీరడానికి ఇంకో 58 ఏళ్లు పట్టేది. రేటు మరికాస్త పెరిగి ఉంటే వాయిదా వడ్డీకి కూడా చాలక, మిగిలిన వడ్డీ అసలులో కలిసి, కడుతున్నకొద్దీ బాకీ పెరిగేది. అలా జరగకుండా ఉండాలంటే మీ ఈఎంఐ పెంచక తప్పలేదు. అయితే 25,000 చేసినా లోన్ తీరే గడువు 2042 జనవరి నుంచి 2049 మార్చికి జరిగింది. అసలు బాధపడాల్సింది ఆ ఏడేళ్ల గురించి. ఆ సంగతి మీకు ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేరు.

ఇప్పుడు చూడండి. ఈ జనవరికి మీ బాకీ సుమారు రూ.28.43 లక్షలు. నాలుగేళ్లలో మీరు కట్టింది రూ.11.67 లక్షలైతే, అందులో అసలు కింద తగ్గింది రూ.1.57 లక్షలే. కష్టపడి కట్టినదంతా వడ్డీకే పోయిందని చూసినప్పుడు ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయితే 8 శాతం లెక్కన ఈ నెల వడ్డీ రూ.18,953. అదే 25,000 ఈఎంఐలో ఇప్పుడు రూ.6,000 పైచిలుకు అసలులోకి వెళ్తోంది. ఇలాగే కడితే 2043 చివరికల్లా లోన్ తీరిపోతుంది. రూపాయి అదనంగా కట్టకుండానే అయిదేళ్లకు పైగా వాయిదాలు తప్పాయి.

మీరు గట్టిగా అడిగితే బ్యాంకు ఈఎంఐని రూ.22,500కి తగ్గించవచ్చు. కానీ గడువు మళ్లీ 2049 అవుతుంది. నెలకు 2,500 మిగిలినట్టు కనిపిస్తుంది, మొత్తం మీద మాత్రం సుమారు రూ.9 లక్షలు ఎక్కువ కడతారు. ఇంట్లో మరీ ఇబ్బందిగా ఉంటే తప్ప ఆ పని చేయకండి. వీలుంటే ఈఎంఐని మీరే ఇంకో రూ.1,300 పెంచమనండి. రూ.26,300 దగ్గర లోన్ మళ్లీ మొదటి గడువుకే, 2042 జనవరికి, వచ్చేస్తుంది.

ఇక ఫిక్స్‌డ్ సంగతి. మీ స్ప్రెడ్‌తో 9.5 శాతం దాటాలంటే రెపో 6.75ను మించాలి. 2023లో, ఆ పెంపు పరాకాష్ఠలో కూడా, రెపో 6.50 దగ్గర ఆగింది. అంటే గతంలో మీరు పడ్డ అత్యధిక రేటు కంటే ఎక్కువను మీవారు ఇవాళ్టి నుంచే కట్టడానికి సిద్ధపడుతున్నారు. అదే 25,000తో 9.5 శాతానికి లోన్ తీరేది 2050లో. పైగా మారడానికి ఫీజు ఉంటుంది. ఫ్లోటింగ్‌లో చేతికి డబ్బు అందినప్పుడు ముందే కట్టేస్తే చార్జీ ఉండదు. ఫిక్స్‌డ్‌లో ఉండొచ్చు. ఇంకో విషయం, ఫిక్స్‌డ్ అని చెప్పే చాలా లోన్లలో ఆ రేటు మొదటి మూడేళ్లకో అయిదేళ్లకో మాత్రమే. తర్వాత ఫ్లోటింగే. ఒప్పందంలో రీసెట్ క్లాజు చదవకుండా ఆ మాటను నమ్మొద్దు. రెండింటి మధ్య తేడా పావు, అర శాతం ఉండి, రేటు లోన్ చివరిదాకా కదలదని రాసి ఇస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఒకటిన్నర శాతం తేడాకు మాత్రం నేను ఒప్పుకోను.

మీరు నిజంగా బేరం ఆడాల్సింది స్ప్రెడ్ గురించి. రెపో మీ చేతిలో లేదు, స్ప్రెడ్ తగ్గించడం బ్యాంకు చేతిలో ఉంది. మీలాంటి సిబిల్ స్కోరుతో ఇవాళ కొత్తగా వచ్చేవారికి ఎంత స్ప్రెడ్ వేస్తున్నారో మీ బ్రాంచిలో అడగండి. గతంలో స్ప్రెడ్‌లోని కొన్ని భాగాలను మూడేళ్లదాకా మార్చకూడదనే నిబంధన ఉండేది. 2025 అక్టోబరు 1 నుంచి, మీకు మేలు చేసేలా తగ్గించాలనుకుంటే బ్యాంకు అంతదాకా ఆగనక్కర్లేదు. మీకు ఎలాగూ మూడేళ్లు దాటాయి. 2.75ను 2.25 చేయగలిగితే రేటు 7.5 అవుతుంది, లోన్ మరో 14 నెలలు ముందే తీరుతుంది. కాదంటే వేరే బ్యాంకుకు లోన్ మార్చుకోవచ్చు. పాత బ్యాంకుకు ముందస్తు చార్జీ కట్టక్కర్లేదు గానీ కొత్త చోట ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, తనఖా పత్రం రిజిస్ట్రేషన్ ఖర్చులు ఉంటాయి. అవన్నీ రాయించుకుని, మిగిలేదాంట్లోంచి తీసేసి చూసుకోండి.

ఈ లెక్కంతా రెపోకు ముడిపడిన బ్యాంకు లోన్లకే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ సొంత ప్రామాణిక రేటును బట్టి నడుస్తాయి. అక్కడ రెపో తగ్గినంత మాత్రాన రేటు దానంతటదే తగ్గదు.

బ్యాంకుకు వెళ్లే ముందు మూడు నెలలకోసారి ఇచ్చే లోన్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. ఇప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, ఇప్పటి రేటు, ఇంకా మిగిలిన ఈఎంఐల సంఖ్య అందులో ఉండాలి. ఆ సంఖ్య 214 దగ్గర ఉంటే తగ్గింపు మీకు సక్రమంగా అందినట్టే. 250 దాటి ఉంటే ఎక్కడో సవరణ జరగలేదన్నమాట. రీసెట్ తేదీలు, ప్రతి తేదీన వేసిన రేటు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.