వాట్సాప్ గ్రూపుకు వచ్చే సహాయ అభ్యర్థనలను ఏరడం: బుడమేరు వరదల్లో నేర్చుకున్నది

ప్రశ్న: మా కాలనీ సహాయక బృందం గ్రూపులోకి వర్షాల రోజుల్లో సందేశాలు కుప్పలుగా వచ్చిపడతాయి. సగం ఫార్వర్డులే. ఏది ముందు చూడాలో, ఏది నమ్మాలో కొత్త వలంటీర్లకు ఎలా చెప్పాలి?

జవాబు: 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలను ముంచెత్తినప్పుడు మా వీధివాళ్లం ఇరవై మందిమి కలిసి పనిచేశాము. కొందరు భోజనం పొట్లాలు, నీళ్ల సీసాలు తీసుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవల కోసం నిలబడితే, నేను మరో ముగ్గురితో కలిసి నీరు చేరని ఇంట్లో కూర్చుని గ్రూపులోని సందేశాలను చూసేదాన్ని. ఆ పనిలో మేము చేసిన ఒక పొరపాటును ముందుగా చెబుతాను, ఎందుకంటే తరువాత మేము పెట్టుకున్న పద్ధతి అంతా దాని నుంచే పుట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక సందేశం వచ్చింది. పాయకాపురంలో ఒక ఇంటి రెండో అంతస్తులో వృద్ధ దంపతులు చిక్కుకున్నారని, ఉదయం నుంచి తిండి లేదని, పెద్దాయనకు ఇన్సులిన్ అయిపోయిందని, అందరికీ పంపమని అందులో ఉంది. అరగంటలో అదే విషయం మరో ముగ్గురి దగ్గర నుంచి వచ్చింది. నలుగురు చెబుతున్నారంటే నిజమే అయి ఉంటుందని వెంటనే పడవను పంపాము. తీరా వెళ్లి చూస్తే ఇంటికి తాళం వేసి ఉంది. ముందు రోజు సాయంత్రమే వారిని బంధువులు తీసుకెళ్లారని పక్క మేడవారు చెప్పారు. పడవ రానూపోనూ గంటన్నర పట్టింది, ఆ గంటన్నరా వెనక వీధిలో పసిబిడ్డతో ఉన్న ఒక తల్లి పాలపొడి కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆమె సందేశం ఒక్కసారే వచ్చింది కాబట్టి మా కంట పడలేదు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాట్సాప్‌లో ఒక సందేశాన్ని ఫార్వర్డ్ చేసినప్పుడు దాని కింద కనిపించేది ఫార్వర్డ్ చేసిన సమయమే తప్ప మొదట రాసిన సమయం కాదు. హైదరాబాదులో ఉన్న కొడుకు ముందు రోజు మధ్యాహ్నం రాసింది అమెరికాలోని బంధువు చేతికి వెళ్లి, అక్కడి నుంచి మా గ్రూపుకు చేరేసరికి అప్పుడే రాసినట్టు కనిపించింది. పైగా అందులోని ‘ఉదయం నుంచి’ అనే మాట చేతులు మారిన కొద్దీ అర్థం మార్చుకుంటుంది. అందుకే మీ వలంటీర్లకు మొట్టమొదట చెప్పవలసినది ఇది: తేదీ, గంట లేని సందేశం కేవలం ఒక సమాచారం, దానిని అభ్యర్థనగా మార్చేది అక్కడున్న మనిషితో మాట్లాడిన ఫోను. రెండు బాణాల గుర్తుతో అనేకసార్లు ఫార్వర్డ్ అయినట్టు చూపే సందేశమైతే మాట్లాడకుండా పడవను కదిలించకూడదు.

ఆ ఫోను చేసేది మాత్రం ఒక్కరే కావాలి. కరెంటు లేని ఇంట్లో మిగిలిన పది శాతం ఛార్జింగే వారికి ఆధారం. గ్రూపులో నంబరు కనపడగానే పది మంది మంచి మనసుతో చేసే కాల్సే ఆ ఫోనును ఆపేస్తాయి. మా పద్ధతిలో ఒకరు సందేశాలను చదివి పట్టికలో ఎక్కించేవారు, ఇద్దరు ఫోన్లు చేసేవారు, నేను ఫ్లైఓవర్ దగ్గరివారితో మాట్లాడేదాన్ని. పట్టికలో పేరు పక్కన ‘నేను మాట్లాడుతున్నాను’ అని రాసినవారు తప్ప మరొకరు ఆ నంబరుకు చేయకూడదని కట్టడి పెట్టుకున్నాము. ఫోను కలవకపోతే మామూలు ఎస్‌ఎమ్‌ఎస్ పంపి, పంపిన సమయం రాసి, గంట తరువాత మళ్లీ ప్రయత్నించేవాళ్లం. కలవని ఫోను ఆపద తీరినట్టు కాదు కాబట్టి ఆ వరుసను కొట్టివేయకుండా, అదే వీధికి వెళ్తున్న పడవవారికి ‘దారిలో ఒకసారి పిలిచి చూడండి’ అని అప్పగించేవాళ్లం.

ఒకే ఇంటి గురించి కొడుకు ఒక నంబరుతో, పక్కింటివారు మరో నంబరుతో అడుగుతారు. కాబట్టి పునరావృతాలను ఫోను నంబరుతో వెదికితే దొరకవు, ఇంటితో వెదకాలి. మేము వీధి, డోర్ నంబరు, అంతస్తు, ఆనవాలు అనే నాలుగింటినీ విడివిడి గడుల్లో రాసి, కొత్తది ఎక్కించే ముందు ఆ వీధి వరుసలన్నీ ఒకసారి చూసేవాళ్లం. ఆనవాలు అడిగేటప్పుడు నీటిపైన కనిపించేదే అడగాలి. దుకాణం బోర్డు, మలుపు దగ్గరి చప్టా వంటివి మునిగిపోయి ఉంటాయి, వాటర్ ట్యాంకు, సెల్ టవర్, మేడ రంగు పడవవారికి పనికివస్తాయి.

ఇక ఏది ముందు అన్నదానికి సందేశంలోని ‘అర్జెంట్’ అనే మాట కొలత కాదు, అందరూ అదే రాస్తారు. ‘ఎప్పటివరకు ఆగగలరు?’ అన్న ఒక్క ప్రశ్న మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. మూడో రోజు ఉదయం ఒకామె తన మామగారికి మందులు కావాలని రాసింది. ఫోన్‌లో అడిగితే ఆయన ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారని, కరెంటు లేక ఇన్వర్టరుతో నడుపుతున్నారని, అది మధ్యాహ్నం దాకా కూడా వస్తుందో రాదో తెలియదని తేలింది. మందుల వరుసలో ఉండవలసిన అభ్యర్థన ఆ ఒక్క జవాబుతో అన్నిటికంటే పైకి వచ్చింది. అటువంటిది మన పని కూడా కాదు. వెంటనే 112కు, 108కు ఫోను చేయించి, చేసిన సమయం రాసుకుని, ఆయన కిందికి దిగలేరన్న సంగతి కూడా వారికి చెప్పించాము. సహాయక దళం పడవ వచ్చేదాకా ప్రతి అరగంటకూ ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాము.

అదే విధంగా ఇన్సులిన్ అడిగినవారిని ఏ రకం, ఎన్ని మోతాదులు మిగిలాయి అని అడగాలి. ఫ్రిజ్ పనిచేయడం లేదన్న భయంతోనే చాలామంది అడుగుతారు. వాడుతున్న సీసా ఎండ, వేడి తగలకుండా ఉంటే గది ఉష్ణోగ్రతలో సుమారు నాలుగు వారాలు పనికివస్తుందని మా బృందంలోని నర్సు చెబితే, కొందరు నిశ్చింతగా మరుసటి రోజు వరకు ఆగారు. డయాలసిస్ రోగి అయితే చివరిసారి ఏ రోజు జరిగింది, తరువాతిది ఎప్పుడు అని అడిగి ఆ తేదీనే గడువుగా రాసుకోవాలి. పాలపొడి అడిగితే కలపడానికి మంచినీళ్లు, వేడి చేయడానికి గ్యాసు ఉన్నాయా అని అడగాలి. మేము మొదట పొడి మాత్రమే పంపి, నీళ్ల కోసం మళ్లీ వెళ్లవలసి వచ్చింది. ఈ గడువులను బట్టి ఈ గంటలో, ఈ రోజులో, రేపటికి అని మూడే విభాగాలు పెట్టుకోండి. ఐదారు విభాగాలు పెడితే ఏది ఎందులో వేయాలన్న చర్చకే సమయం పోతుంది.

వరుసను ముగించేది వస్తువు పంపినప్పుడు కాదు, అడిగినవారు చేరిందని చెప్పినప్పుడు. చెప్పాక ‘ఫలానా వీధిలోని అభ్యర్థన 3వ తేదీ సాయంత్రం 5 గంటలకు తీరింది, ఇక పంపవద్దు’ అని మొదటి సందేశానికి జవాబుగా పెట్టి, దానిని తెచ్చినవారిని కూడా తాము పంపిన చోటల్లా అదే పెట్టమని కోరాలి. ఆ ముగింపు సందేశంలో పేరు, ఫోను నంబరు, డోర్ నంబరు ఉండకూడదు. ఒంటరిగా ఉన్న ఆడవారి వివరాలు అసలు గ్రూపులోనే ఉంచకుండా, పట్టికలోకి ఎక్కగానే అడ్మిన్ చేత తొలగింపజేసేవాళ్లం. నీరు తీశాక మిగిలిన నంబర్లను కూడా చెరిపేసి, ఏ వీధిలో ఏమి అడిగారు, ఎంతసేపట్లో అందింది అన్న గడులను మాత్రమే ఉంచుకున్నాము.