విదేశీ షెఫ్ మాటల్ని వంటవాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: విదేశీ షెఫ్ వంటవాళ్లకు ఇచ్చే బ్రీఫింగ్‌కు దుబాసీగా వెళ్తున్నాను. కోతలు, మంట, టైమింగ్ మాటలు ఎలా చెప్పాలి?

కోత పేరు అలాగే ఉంచి, వెంటనే కొలత చెప్పండి. బ్రున్వాజ్ అంటే సుమారు 3 మిల్లీమీటర్ల ఘనం. "సన్నగా తరగండి" అని వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కో సైజులో కోస్తారు, చిన్న ముక్కలు మాడి పెద్దవి పచ్చిగా మిగులుతాయి. షెఫ్ చేత ఒక నమూనా కోయించి బోర్డు మీద ఉంచితే ఇంకా మేలు.

అసలు చిక్కు మంట దగ్గరే. షెఫ్ "క్యారెట్ బ్రున్వాజ్, స్వెట్, ఐదు నిమిషాలు" అన్నారనుకోండి. స్వెట్‌ను "వేయించండి" అంటే మంట పెంచి ఎర్రగా చేసేస్తారు. "సన్న సెగ మీద, రంగు మారకుండా మగ్గనివ్వండి" అనాలి. చిటపట గట్టిగా వినిపించినా, ముక్కల అంచులు ఎర్రబడినా సెగ ఎక్కువైనట్టే.

ఆ ఐదు నిమిషాలు ముక్కలు వేసినప్పటి నుంచా, అవి వేడెక్కాకా? షెఫ్‌నే అడగండి, మీరు ఊహించి చెప్పొద్దు. ఇక సర్వీస్‌లో వినిపించే "ఫైర్" అంటే మంట పెంచమని కాదు, ఆ ఆర్డర్ వంట ఇప్పుడే మొదలుపెట్టమని. దీన్ని బ్రీఫింగ్‌లోనే చెప్పేయండి, ఆర్డర్ల హడావిడిలో వివరించే టైమ్ దొరకదు.